ఎత్తని కాల్‌కి రెండు బిల్లులు

ప్రశ్న: మాది హనుమకొండ. జూన్ 16న నా పోస్ట్‌పెయిడ్ ప్లాన్ 499 నుంచి 699కి మార్చి, 20న డల్లాస్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్లాం. అక్కడ డేటా కోసం ట్రావెల్ ఈసిమ్ కొన్నాం. ఎత్తని కాల్స్ మా తమ్ముడికి వెళ్లేలా పెట్టాను. జులై 1 బిల్లు రూ.1,428.98 వచ్చింది. రోమింగ్ కాల్స్ 264, రోమింగ్ డేటా 148 అని ఉంది. నేను ఒక్క కాల్ కూడా ఎత్తలేదు. ఇది మోసం కాదా?

ఈ నెలలో ఇలాంటి ఉత్తరం ఇది నాలుగోది. నలుగురూ మొత్తం చూసి ఉలిక్కిపడ్డారు, లోపలి పేజీలు మాత్రం తిప్పలేదు. తప్పంతా వాళ్లదే అనను. మొదటి పేజీ నిండా ఆఫర్ల బొమ్మలు వేసి, అసలు లెక్కని నాలుగో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో పెడితే ఎవరు చదువుతారు?

ముందు ప్లాన్ సంగతి తేల్చేద్దాం. మీ కంపెనీ అద్దె ముందుగా తీసుకునే రకం. అంటే జూన్ నెల 499 మీరు జూన్ 1 బిల్లులోనే కట్టేశారు. 16న ప్లాన్ మారింది కాబట్టి మిగిలిన 15 రోజులకు పాత ప్లాన్ డబ్బు 249.50 వెనక్కి ఇచ్చి, అవే 15 రోజులకు కొత్త ప్లాన్ 349.50 వేశారు. నికరంగా పడింది వంద రూపాయలు. దానికి జులై అద్దె 699 కలిపితే 799. బిల్లులో ‘అడ్జస్ట్‌మెంట్’ పేరుతో ఒక మైనస్ వరుస, ఒక ప్లస్ వరుస కనిపిస్తాయి, అవి ఇవే. ఈ వంద ఈ ఒక్క నెలకే. వచ్చే నెల ఉండదు.

రోమింగ్ 412 కలిపితే 1,211. దాని మీద 18 శాతం జీఎస్టీ 217.98. సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9 అని రెండు వరుసలుగా వేస్తారు కాబట్టి రెండుసార్లు పన్ను వేశారని కొందరు గొడవకు దిగుతారు. రెండూ కలిపే 18. మీ బిల్లు పైసాతో సహా సరిపోయింది. కూడికలో తప్పు లేదు.

ఇక ఎత్తని కాల్‌కి డబ్బు ఎందుకు పడింది? ఎత్తకపోతేనే తమ్ముడికి వెళ్లాలని మీరు పెట్టారు. మీరు ఎత్తుతారో లేదో తెలియాలంటే ఆ కాల్ ముందు డల్లాస్‌లో మీ ఫోన్ దాకా రావాలి. వచ్చింది, మోగింది, మీరు ఎత్తలేదు. అప్పుడు అక్కడి నెట్‌వర్క్ ఆ కాల్‌ని మళ్లీ హనుమకొండలోని తమ్ముడికి పంపింది. చాలా నెట్‌వర్క్‌ల లెక్కలో ఇది రెండు ప్రయాణాలు: ఇండియా నుంచి మీ దాకా వచ్చిన రోమింగ్ ఇన్‌కమింగ్ ఒకటి, అక్కడి నుంచి ఇండియాకి చేసిన ఐఎస్‌డీ కాల్ ఒకటి. రెండూ మీ ఖాతాలోనే. వీధి చివరి నుంచి పిలిచిన మనిషి మాట అమెరికా వెళ్లి తిరిగొచ్చింది, రానూ పోనూ చార్జీ మీది. మీ కాల్స్ వివరాల్లో ఒకే నిమిషానికి రెండేసి వరుసలు ఉంటాయి చూడండి, రెండో దానిలో మీ తమ్ముడి నంబర్ ఉంటుంది.

అన్ని కాల్స్‌నీ మోగకుండానే తమ్ముడికి మళ్లించి ఉంటే కాల్ ఇండియా దాటేది కాదు, రోమింగ్ పడేది కాదు. కుటుంబంలో ఎవరైనా విమానం ఎక్కే ముందు ఈ ‘ఎత్తకపోతే’, ‘బిజీగా ఉంటే’, ‘అందుబాటులో లేకపోతే’ అనే మూడు రకాల ఫార్వర్డింగ్‌నూ తీసేయించండి.

మీ 264 రూపాయల కంటే ఈ ఫార్వర్డింగ్ గురించే నాకు ఎక్కువ టెన్షన్. మీ జాబితాలో ఉన్నది తమ్ముడి నంబర్ కాబట్టి సరిపోయింది. ముక్కూ మొహం తెలియని నంబర్ ఉంటే? కొరియర్ వాళ్లమంటూ ఫోన్ చేసి, ‘డెలివరీ కుర్రాడు మాట్లాడాలి, ఈ కోడ్ డయల్ చేయండి’ అంటారు. `*401*` తర్వాత ఒక పది అంకెల నంబర్. డయల్ చేసిన క్షణం నుంచి మీకు వచ్చే ప్రతి కాల్ వాడి దగ్గర మోగుతుంది. ఎస్సెమ్మెస్‌లు వాడికి వెళ్లవు, నిజమే. కానీ ఓటీపీని ఫోన్ చేసి చదివి వినిపించే సదుపాయం చాలా చోట్ల ఉంది. వాట్సాప్ ఖాతాలు ఈ దారిలోనూ పోతున్నాయి. ఈ మోసాలు పెరగడంతో `*401#` కోడ్‌తో ఫార్వర్డింగ్ పెట్టే సేవను 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. కానీ ఫార్వర్డింగ్ అన్నదే లేకుండా పోలేదు. ఫోన్ సెట్టింగుల్లో ఇప్పటికీ ఉంది, స్క్రీన్ షేర్ చేయించి అక్కడే నొక్కించేవాళ్లూ ఉన్నారు.

దీన్ని పట్టుకోవడానికి పోస్ట్‌పెయిడ్ వాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. చాలా బిల్లుల్లో మళ్లించిన కాల్ మీరు చేసిన కాల్‌లాగే జాబితాకెక్కుతుంది. అన్‌లిమిటెడ్ ప్లాన్‌లో పైసా పడకపోయినా వరుస ఉంటుంది. మీరు ఎన్నడూ డయల్ చేయని ఒకే నంబర్ పదే పదే కనిపిస్తే వెంటనే `*#21#` డయల్ చేసి, అన్ని కాల్స్ ఎక్కడికైనా మళ్లుతున్నాయేమో చూడండి. `##002#` అన్ని రకాల ఫార్వర్డింగ్‌నీ రద్దు చేస్తుంది. మీ నెట్‌వర్క్‌లో ఆ కోడ్‌లు పనిచేయకపోతే అదే ఫోన్ నుంచి 198కి చేసి తీసేయించండి. కస్టమర్ కేర్ నంబర్ కోసం మాత్రం నెట్‌లో వెతకకండి, అక్కడా వాళ్లే కాచుకుని ఉంటారు. అప్పటికే డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

డేటా 148 దగ్గరికొస్తే నాకు ఒళ్లు మండుతుంది. ట్రావెల్ ఈసిమ్ పనిచేయాలంటే సాధారణంగా దానికి డేటా రోమింగ్ ఆన్ చేయాలి. చాలామంది చేసినట్టే మీరూ రెండు సిమ్‌లకీ ఆన్ చేసి ఉంటారు. ఇప్పటి రెండు సిమ్‌ల ఫోన్లలో, ఒక సిమ్‌కి సిగ్నల్ తగ్గితే రెండో సిమ్ డేటాకి దానంతట అదే మారే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఈసిమ్ సిగ్నల్ పడిపోయిన రెండు నిమిషాల్లో మీ హనుమకొండ సిమ్ డేటా వాడేసి, ఫొటోల బ్యాకప్ మొదలుపెట్టినా ఆశ్చర్యం లేదు. నాకూ ఒకసారి ఇలాగే పడింది. ఇంటి దగ్గరే ఉండి చేసిన అప్‌డేట్ తర్వాత ఆ సెట్టింగ్ దానంతట అదే ఆన్ అయింది. నా జేబులోంచి డబ్బు పోయే మీటని నన్ను అడగకుండా నొక్కే ఫోన్‌ని తెలివైనదని ఎందుకు అనాలో నాకు అర్థం కాదు. విదేశీ నెట్‌వర్క్ అని ఫోన్‌కి తెలుసు. మారే ముందు ‘మారనా?’ అని ఒక్క మాట అడిగితే ఏం పోతుంది? ఈసారి వెళ్లేటప్పుడు ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్ చేయండి, ఆ ఆటోమేటిక్ మార్పిడిని కూడా ఆపేయండి.

264 తిరిగి వస్తుందని ఆశ పెట్టను, ఫార్వర్డింగ్ పెట్టింది మీరే. డేటా విషయంలో, వాడిన తేదీ, ఎంబీలు చెప్పమని 198లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ తీసుకోండి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. ట్రాయ్‌కి రాయకండి, విడివిడి ఫిర్యాదులను వాళ్లు పరిష్కరించరు.

ఇంకొకటి. విదేశీ నెట్‌వర్క్ నుంచి వాడకం లెక్కలు ఇక్కడికి ఆలస్యంగా వస్తాయి. జూన్ చివరి రోజుల కాల్స్ కొన్ని ఈ బిల్లుకి అంది ఉండకపోవచ్చు. ఆగస్టు 1 బిల్లులో మళ్లీ ఓ రోమింగ్ వరుస కనిపిస్తే, ముందు పక్కనున్న తేదీ చూసి అప్పుడు నాకు రాయండి.