సిప్‌లో కలిసొచ్చిన లెక్క, డబ్బు తీసేటప్పుడు ఎదురు తిరుగుతుంది

ప్రశ్న: మాది నరసన్నపేట. లెక్కల టీచరుగా వచ్చే జూన్‌లో రిటైర్ అవుతున్నాను. సిప్‌లో మనకు పడే కొనుగోలు ధర ఎప్పుడూ సగటు ఎన్ఏవీ కంటే తక్కువే ఉంటుందని ఏజెంటు చెప్పారు. ‘ఎప్పుడూ’ ఎలా సాధ్యం? అదే ఈక్విటీ ఫండు నుంచి ఇకమీద నెలకు 6,000 చొప్పున తీసుకుంటే ఆ లాభం కొనసాగుతుందా?

జవాబు: మాస్టారూ, ఏజెంటు చెప్పింది నిజమే. ధర అసలు కదలకపోతే మాత్రం రెండూ సమానం. మీ రెండో అనుమానానికి జవాబు: కొనసాగదు, పైగా అదే సూత్రం మీ మీదికి తిరుగుతుంది.

ముందు కొనుగోలు చూద్దాం. ఎన్ఏవీ మూడు నెలలు వరుసగా 60, 50, 40 రూపాయలు అనుకోండి. నెలకు 6,000 పెడితే 100, 120, 150 యూనిట్లు వస్తాయి. మొత్తం 370. ధర మూడు నెలలూ సగటున, అంటే 50 దగ్గరే నిలబడి ఉంటే 360 వచ్చేవి. మీకు యూనిట్ పడింది సుమారు 48 రూపాయల 65 పైసలకు.

ఆ పది యూనిట్లు ఎక్కడివో మీరు గ్రాఫు కాగితం మీద గీసి చూడొచ్చు. అడ్డంగా ధర x, నిలువుగా యూనిట్లు 6000/x. ఈ గీత కిందికి ఉబ్బి ఉంటుంది, అంటే కాన్వెక్స్ ఫంక్షన్. x = 50 దగ్గర దానికి స్పర్శరేఖ గీయండి: 120 − 2.4(x − 50). ధర 60 అయినప్పుడు ఈ రేఖ 96 అంటుంది, వచ్చినవి 100. ధర 40 అయితే రేఖ 144 అంటుంది, వచ్చినవి 150. యాభై దగ్గర రెండూ 120. మిగులు 4, 6, 0. అవే మన పది యూనిట్లు.

కాన్వెక్స్ గీత తన స్పర్శరేఖ కిందికి ఎప్పుడూ దిగదు. సగటు తీసేసరికి (x − 50) భాగం సున్నా అయిపోతుంది కాబట్టి రేఖ సగటు సరిగ్గా 120 దగ్గరే నిలుస్తుంది, గీత సగటు దానికి పైనే ఉంటుంది. ధరలు మూడైనా మూడు వందలైనా ఇంతే. 1906లో దీన్ని ప్రచురించిన డెన్మార్క్ గణితవేత్త జెన్సెన్ ప్రొఫెసర్ కాదు, కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో ఇంజినీరు. ఆయన పేరుతోనే దీన్ని ఇలా రాస్తారు, ఇందులో E అంటే సగటు, f అంటే మన గీత:

E[f(X)] ≥ f(E[X])

అయితే ధర తక్కువ పడటం వేరు, లాభం రావడం వేరు. పై లెక్కలోనే చివరి ఎన్ఏవీ 40. మీ 370 యూనిట్ల విలువ 14,800 రూపాయలు, పెట్టింది 18,000. ఏజెంట్లు సాధారణంగా ఈ ముక్క దగ్గర ఆగిపోతారు.

ఇప్పుడు రిటైర్మెంట్‌కు వద్దాం. అవే ధరలకు నెలకు 6,000 చొప్పున తీశారు. అప్పుడు అమ్ముడైపోయేవీ 370 యూనిట్లే. నెలకు సరిగ్గా 120 యూనిట్లు అమ్మి ఉంటే 7,200, 6,000, 4,800 వచ్చేవి. మొత్తం అదే 18,000, కానీ పోయేవి 360. ఇక్కడ డబ్బు ధరతో పాటు సరళరేఖలో కదులుతుంది కాబట్టి మిగులూ లేదు, తరుగూ లేదు. స్థిరమైన రూపాయి కావాలన్నందుకు మీరు చెల్లించిన ధర ఆ పది యూనిట్లు. మార్కెట్ పడినప్పుడు ఎక్కువ యూనిట్లు అమ్మాల్సి వస్తుంది, అవి తర్వాత కోలుకున్నా మీ దగ్గర ఉండవు.

అలాగని యూనిట్ల లెక్కన తీయమని నేను చెప్పను. పాలవాడికీ కరెంటు బిల్లుకీ 4,800 నెల, 7,200 నెల అని తేడా ఉండదు కదా. చూడాల్సింది ఊగిసలాట. ధరలు 51, 50, 49 అయితే అమ్ముడైపోయేవి 360.1 యూనిట్లు. ఊపు పదో వంతుకు తగ్గితే తరుగు నూరో వంతుకు పడిపోయింది. అదే 70, 50, 30 అయితే 45 యూనిట్లకు పైగా అదనంగా పోతాయి.

కాబట్టి రెండేళ్ల ఖర్చు, అంటే 1,44,000, ఈక్విటీ ఫండులో ఉంచకండి. బ్యాంకు డిపాజిట్‌లో పెట్టి నెల నెలా అందులోంచి తీసుకోండి. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ కూడా మంచిదే గానీ వడ్డీ మూడు నెలలకోసారి వస్తుంది, అసలు ఐదేళ్లు ఆగుతుంది. మిగతాది ఫండులోనే ఉండనివ్వండి. మార్కెట్ బాగున్న ఏడాది కొన్ని యూనిట్లు అమ్మి డిపాజిట్ నింపుకోండి. పడి ఉన్న ఏడాది ముట్టుకోకండి, రెండేళ్ల గడువు అందుకే.

ఇప్పటికే నెలవారీ తీయడం మొదలుపెట్టేసి ఉంటే ఏడాది స్టేట్‌మెంట్ తీసి చూడండి. తీసిన మొత్తాన్ని అమ్మిన యూనిట్లతో భాగిస్తే మీ అమ్మకం ధర వస్తుంది. ఆ పన్నెండు తేదీల ఎన్ఏవీల సగటుతో దాన్ని పోల్చండి. మీది తక్కువే ఉంటుంది, ఎంత తక్కువన్నదే చూడాలి. అర శాతం లోపైతే టెన్షన్ పడక్కర్లేదు. రెండు మూడు శాతం ఉంటే ఆ ఫండును నెల ఖర్చులకు వాడటం ఆపేయండి.