దరీల లెక్కలో మూడు మూలాలు

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో ఒక మగ్గాల షెడ్డు మీద కాలేజీ ప్రాజెక్టు చేస్తున్నా. నెలకు 10x దరీలు, డబ్బు వేల రూపాయల్లో. రాబడి R = 20x − x², ఖర్చు C = x³ − 8x² + 24x + 12. R = C పెడితే −1, 2, 6 వచ్చాయి. ఇందులో ఏది బ్రేక్ ఈవెన్?

2, 6 రెండూ. మైనస్ పది దరీలు ఎవరూ నేయరు కాబట్టి −1ని వదిలేయండి.

లాభం P = −x³ + 7x² − 4x − 12. 20 దరీల దగ్గర రాబడి, ఖర్చు రెండూ 36 వేలే. 12 వేల స్థిర ఖర్చుతో సహా అంతా అక్కడికి తీరిపోతుంది. ఆపైన నేసింది లాభం.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కానీ షెడ్డును ముంచేది 6. 60 దరీలు అమ్ముడుపోవాలంటే ఒక్కోదాని ధర 1,800 నుంచి 1,400 రూపాయలకు దించాలి. మరోవైపు ఓవర్‌టైం కూలీ లాంటివి x³ రూపంలో ఎగబాకుతాయి. రెండూ మళ్లీ 84 వేల దగ్గర సమానం. 70 నేస్తే 40 వేల నష్టం. మగ్గాలు ఖాళీగా ఉంచినా పోయేది 12 వేలేగా!

ఏ మూలం ఎలాంటిదో P′ గుర్తు చెప్తుంది: 2 దగ్గర +12, అంటే లాభంలోకి ప్రవేశం, 6 దగ్గర −28, అంటే నష్టంలోకి జారుడు. గరిష్ఠ లాభం సరిగ్గా మధ్యలో, 40 దగ్గర ఉంటుందనుకోకండి. P′ = 0 చేస్తే సుమారు 44 దరీలు, 20,700 రూపాయలు వస్తుంది.