టైరు మధ్యలో అరిగిందా, అంచుల్లో అరిగిందా?

చిన్నా,

మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు నీ కారు ముందు టైర్లకు డెప్త్ గేజ్ పెట్టి చూశాను. మధ్య గాడి లోతు 3 మిల్లీమీటర్లే ఉంది, రెండు అంచుల్లోనూ 5 ఉంది. 20 వేల కిలోమీటర్లకే ఇలా అయ్యాయి, టైర్లు నాసిరకం అన్నావు. టైర్ల తప్పు కాదు నాన్నా, గాలి ఎక్కువైంది. టైరు పక్కన 44 పీఎస్‌ఐ అని ఉంది కాబట్టి ఓ నాలుగు తగ్గించి 40 కొట్టిస్తున్నానన్నావు చూడు, అక్కడే వచ్చింది చిక్కు.

ఆ 44 టైరు తట్టుకోగలిగే గరిష్ఠ గాలి. ఆ టైరునే నాలుగు రకాల కార్లకు వేస్తారు, నీ కారు బరువెంతో దానికేం తెలుసు? అది తెలిసినవాళ్లు కారు తయారుచేసినవాళ్లు. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. నీ కారుకు ముందూ వెనకా 33. నిండా మనుషులు, సామాను ఉంటే వెనక 36. ఆ అంకెలే పట్టుకో.

గాలి ఎక్కువైతే టైరు నడుము ఉబ్బి, బరువంతా మధ్య భాగమే మోస్తుంది. రోడ్డును పట్టుకునే జాగా తగ్గి, వానలో బ్రేకు వేస్తే బండి జారుతుంది. తక్కువైతే మధ్య భాగం లోపలికి పోయి రెండు అంచులూ అరుగుతాయి. నాకు ఎక్కువ భయం దీనితోనే. పక్క గోడ ప్రతి చుట్టుకూ మడతపడి వేడెక్కుతుంది. ఎండాకాలం నిండు లోడుతో హైవే ఎక్కితే పేలిపోవచ్చు. నా పాత కారు అంచులు అలాగే పోయాయి. కంటిచూపుతో అంచనా వేసేవాణ్ణి. రేడియల్ టైరు సరైన గాలితో ఉన్నా కింద కాస్త ఉబ్బినట్టే కనిపిస్తుంది, 27కి పడిపోయినా తేడా తెలియలేదు. ఒక్క అంచే అరిగితే మాత్రం ముందుగా చక్రాల అలైన్‌మెంట్ చూపించు.

స్టిక్కర్ అంకె చల్లటి టైరుకు. పొద్దున్నే బండి కదలకముందు చూడాలి. బంకు దూరమైతే ఇంట్లోనే గాలి కొలిచే సొంత గేజ్‌తో చూసుకో. 29 ఉందనుకో, 4 తక్కువ. బంకుకు వెళ్లేసరికి వేడికి అదే 31 చూపిస్తుంది. అప్పుడు 33 దగ్గర ఆపకు, ఆ 4 కలిపి 35 కొట్టించు. ప్రయాణం మధ్యలో 37 చూపించిందని గాలి తీసేయకు, చల్లారాక తక్కువైపోతుంది.

అరిగిన మధ్య భాగం తిరిగి రాదు. గాడి అడుగున చిన్న దిమ్మలుంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. అరుగుదల వాటిని తాకితే టైరు మార్చాల్సిందే. ఈలోగా 33 పెట్టి నడుపు. ఇంకో 5 వేల కిలోమీటర్లయ్యాక డెప్త్ గేజ్ పెట్టి మధ్యా అంచులూ ఎంతెంత తగ్గాయో రాసి పంపు, చూస్తాను.

మీ బాబాయ్