తాళంచెవి పోయింది.. అద్దెకున్నవాళ్లను ఎంత అడగాలి, ఎలా అడగాలి?

ప్రశ్న: విజయవాడలో మాకు ఒక ఫ్లాట్ ఉంది. అద్దె నెలకు 16,000, అడ్వాన్స్ 32,000. ఏడాదిన్నరగా ఉంటున్న కుర్ర జంట కిందటి నెల మెయిన్ డోర్ తాళంచెవి ఎక్కడో పోగొట్టుకున్నారు. నాకు భయమేసి వెంటనే కార్పెంటర్‌ను పంపి హ్యాండిళ్లతో సహా తాళం మొత్తం మార్పించాను. సెట్ 3,200, కూలి 500, నా దగ్గర ఉంచుకోవడానికి అదనపు తాళంచెవులు రెండు 200, అంతా కలిపి 3,900 అయింది. మంచి పిల్లలు, అద్దె ఎప్పుడూ ఆలస్యం చేయరు. అడగాలంటే మొహమాటం, ఊరుకుందామంటే మనసొప్పడం లేదు. అడ్వాన్స్‌లో కోసుకోనా?
– ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: తప్పకుండా అడగండమ్మా. కానీ 3,900 అడగొద్దు. ముందు ఎంత అడగడం న్యాయమో లెక్క తేలితే, మీ మొహమాటం సగం అక్కడే పోతుంది.

హ్యాండిళ్లు ఉన్న మెయిన్ డోర్ తాళాల్లో చాలావాటికి తాళంచెవి దూరే భాగం విడిగా ఉంటుంది. దాన్ని సిలిండర్ అంటారు. తలుపు తెరిచి అంచు వైపు చూస్తే, పట్టీలో ఆ సిలిండర్‌కు సరిగ్గా ఎదురుగా ఒక పొడవైన స్క్రూ కనిపిస్తుంది. ఆ స్క్రూ తీసి, మిగిలిన తాళంచెవి పెట్టి కాస్త తిప్పితే సిలిండర్ బయటికి వచ్చేస్తుంది. అదే కొలతది కొత్తది కొని బిగిస్తే పోయిన తాళంచెవి ఇక దేనికీ పనికిరాదు. హ్యాండిళ్లు, లోపలి బాడీ కదిలించక్కర్లేదు. చెవి నేరుగా తాళం బాడీలోకే వెళ్లే పాతకాలం రకమైతే మాత్రం బాడీ మార్చాల్సిందే. మీ కార్పెంటర్ దగ్గర పాత సెట్ ఉంటే తెప్పించి చూడండి, మీది ఏ రకమో తెలిసిపోతుంది.

సిలిండర్ రకమే అనుకుందాం. తాళం కొన్న షాపులోనే ఆ కంపెనీ సిలిండర్ ఒక్కదాని ధర అడిగి కాగితం మీద రాయించుకోండి. లెక్క కోసం 1,200 అనుకుంటే, దానికి కూలి 500 కలిపి 1,700. వాళ్ల వల్ల మీకు నిజంగా పడిన ఖర్చు ఇదే. కొత్త హ్యాండిళ్లు మీ తలుపుకే ఉంటాయి, వాళ్లు ఖాళీ చేసి వెళ్లాక కూడా మీకే పనికొస్తాయి. అదనపు తాళంచెవులు మీ సౌకర్యం కోసం చేయించుకున్నవి. ఆ 2,200 మీరు పెట్టుకోవడమే ధర్మం. పైగా వాళ్లకు ముందు ఒక మాట చెప్పకుండా ఖరీదైన సెట్ వేయించారు. ‘సిలిండర్ మారిస్తే సరిపోయేది కదా ఆంటీ’ అని వాళ్లు అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

ఈ 1,700 అడిగే హక్కు మీకుంది. తాళం అరిగి చెవి విరిగిపోతే అది ఇంటివాళ్ల ఖర్చు. చెవి పోగొట్టుకుంటే అది అద్దెకున్నవాళ్ల ఖర్చు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా, వేరే ఒప్పందం లేనప్పుడు తలుపులు, బీరువాల తాళాలు మార్చడాన్ని అద్దెదారు చేయించుకోవాల్సిన పనుల జాబితాలోనే పెట్టింది. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంలో పెట్టుకుంటేనే కట్టుబడాలి. కాబట్టి ఆ పేరు చెప్పి గదమాయించొద్దు. మీరు అడిగేది లోకంలో లేనిదేమీ కాదన్న ధీమా మీకు ఉంటే చాలు.

ఇక అడిగే పద్ధతి. ముందు ఫోన్ చేయండి, ఆ తర్వాతే వాట్సాప్ పెట్టండి. ఉత్త మెసేజ్ చూస్తే నోటీసు ఇచ్చినట్టు అనిపిస్తుంది. ఉత్త మాటగా వదిలేస్తే నెల తిరిగేసరికి ఇద్దరూ మరిచిపోతారు. సాయంత్రం వాళ్లు ఆఫీసు నుంచి వచ్చి స్థిమితపడ్డాక, ‘కొత్త తాళం బాగా పడుతోందా బాబూ?’ అని మొదలుపెట్టి విషయం చెప్పండి. పోగొట్టింది అబ్బాయా, అమ్మాయా అన్న ఊసే ఎత్తొద్దు. తర్వాత బిల్లు ఫొటో, సిలిండర్ ధర రాయించిన కాగితం జతచేసి ఇలా పంపండి:

‘బాబూ, ఇందాక ఫోన్లో అనుకున్నట్టు తాళం లెక్క పంపుతున్నాను. మొత్తం 3,900 అయింది. అందులో హ్యాండిళ్ల సెట్‌కు ఎక్కువైనదీ, నా తాళంచెవుల ఖర్చూ నేనే పెట్టుకుంటున్నాను. సిలిండర్ 1,200, కూలి 500, మొత్తం 1,700 మీరు ఇస్తే చాలు. వచ్చే నెల 5లోపు వీలు చూసుకుని పంపండి. ఒకేసారి ఇబ్బందైతే రెండు నెలల్లో ఇవ్వండి.’

ఇందులో ‘ఏమీ అనుకోకపోతే’, ‘వీలైతేనే’ లాంటి మాటలు లేవు, గమనించండి. అలా రాస్తే ఇవ్వాలో వద్దో వాళ్లకు అర్థం కాదు, మీరు మళ్లీ గుర్తు చేయాల్సి వస్తుంది. మీ వాటా మీరు ముందే చెప్పారు కాబట్టి, అంకె, తేదీ సూటిగా ఉన్నా కటువుగా అనిపించదు.

ఆ 1,700 అద్దెతో కలిపి వేయించుకోవద్దు. వాళ్లు ఉద్యోగస్తులై, పాత పన్ను విధానంలో ఉంటే హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోసం మీ అద్దె రసీదులు ఆఫీసులో ఇస్తారు. ఏడాది అద్దె లక్ష దాటింది కనుక మీ పాన్ నంబరు కూడా ఇస్తారు. ఒక నెల 17,700 ఒకే మొత్తంగా పడితే అందులో అద్దె ఎంతో తర్వాత మీరు వివరించుకోవాల్సి వస్తుంది. విడిగా పంపించమని, నోట్‌లో ‘తాళం ఖర్చు’ అని రాయమని చెప్పండి. మీ వాటా 2,200 మీ పన్ను లెక్కలో చూపిద్దామని అనుకుంటారేమో, అది కుదరదు. ఇంటి అద్దె ఆదాయం మీద రిపేర్లకూ వాటికీ కలిపి 30 శాతం మినహాయింపు ఎలాగూ ఇస్తారు. అంతకు మించి బిల్లులు చూపించి తగ్గించుకోవడానికి లేదు.

అడ్వాన్స్ మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. అది ఖాళీ చేసేటప్పుడు మిగిలిన కరెంటు బిల్లుకో, పాడైన వస్తువులకో పనికొచ్చే డబ్బు. చెప్పకుండా కోసుకుంటే ఆ విషయం వెళ్లే రోజున బయటపడి, సామాన్లు సర్దుకునే హడావుడిలో గొడవవుతుంది. వాళ్లే ‘అడ్వాన్స్‌లో పట్టుకోండి ఆంటీ’ అంటే సరేననండి. కాకపోతే ‘ఇక అడ్వాన్స్ 30,300’ అని ఆ రోజే మెసేజ్ పెట్టండి. అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు పాత అంకె 32,000 అలాగే దిగిపోకుండా చూసుకోండి.

‘అగ్రిమెంట్‌లో లేదు కదా’ అని వాళ్లు అడ్డం తిరిగితే, సగం 850 ఇమ్మని ఒక్కసారి అడిగి అక్కడితో వదిలేయండి. అద్దె ఆలస్యం చేయనివాళ్లు మనసు కష్టపెట్టుకుని వెళ్లిపోతే, ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉన్నా మీకు పోయేది 16,000. దానికి తోడు మెయింటెనెన్స్ మీరే కట్టాలి, బ్రోకరుకూ ఇవ్వాలి. ఈ లెక్క చూసి అసలు అడగడమే మానేయొద్దు. మర్యాదగా అడిగితే ఇల్లు వదిలి వెళ్లేవాళ్లు అరుదు.

అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు ఒక వాక్యం కలపండి: ‘తాళంచెవి పోయినట్లయితే అదే రకం సిలిండరు ధర, బిగింపు కూలి అద్దెదారు భరించాలి, తాళం అరిగి పాడైతే యజమాని భరించాలి.’ ఆ పక్కనే మెయిన్ డోర్‌కు, బెడ్‌రూములకు, బీరువాలకు ఎన్నెన్ని తాళంచెవులు ఇచ్చారో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి.