వైజాగ్ వలస కార్మికుల మనీ ట్రాన్స్‌ఫర్ యాప్: మొదలు ఎక్కడ?

ప్రశ్న: వలస కార్మికులు ఇంటికి డబ్బు పంపే యాప్ వైజాగ్‌లో తెస్తున్నాం, మార్కెట్లోకి ఎలా వెళ్లాలి?

ముందు ఒక్క దారే పట్టుకోండి, పరవాడ ఫార్మాసిటీ నుంచి ఒడిశా గంజాం అనుకుందాం. యూపీఐ ఉచితం కాబట్టి అది వాడేవాడు మీకు పైసా ఇవ్వడు. మీ కస్టమర్ కూలి నగదుగా తీసుకుని, గాజువాకలో ఏదో షాపు ద్వారా ఇంటివాళ్ల ఖాతాలో వేయించేవాడు. అక్కడ నూటికి రూపాయి చొప్పున 5,000కి 50 పోతున్నాయనుకోండి, మీరు 40 తీసుకుని అందులో సగం ఆ షాపు యజమానికే ఇస్తే అతనే మీ ప్రచారకర్త (పోస్టర్లు దండగ). 2024 నవంబర్ నుంచి నగదు పంపేవాళ్ల మొబైల్, గుర్తింపు కార్డు నమోదు తప్పనిసరి, అది ఆదివారం క్వార్టర్స్ దగ్గరే చేసేయండి.

అసలు చిక్కు అవతల ఉంది. ఖాతాలో పడినా, ఊళ్లో వేలిముద్రకి డబ్బిచ్చే బ్యాంక్ మిత్ర దగ్గర నగదు లేకపోతే ఇంటివాళ్లు 'రాలేదు' అంటారు, టెన్షన్ ఇక్కడ. జీతాల వారానికి ముందే అతనితో మాట్లాడుకోండి. డౌన్‌లోడ్లు కాదు, రెండో నెలా పంపినవాళ్లను లెక్కపెట్టండి.