టు ఎప్పుడు, ఐఎన్‌జీ ఎప్పుడు

చిరంజీవి మేనకోడలికి,

నీ వ్యాసం చదివాను. "ఐ ఎంజాయ్ టు రీడ్" అన్నది ఎందుకు తప్పో ఎంత ఆలోచించినా తట్టలేదన్నావు. ఏ ఇంగ్లిష్ క్రియ తర్వాత టు రావాలో, దేని తర్వాత ఐఎన్‌జీ రావాలో చెప్పే పెద్ద జాబితా వ్యాకరణ పుస్తకం చివర ఉంటుంది, దాన్ని బట్టీ పట్టకు, పరీక్షలో అది గుర్తుకు రాదు. క్రియ చూడగానే ఒక్క ప్రశ్న వేసుకో: దాని వెనక వచ్చే పని ఇంకా జరగాల్సి ఉందా, లేక జరిగిందా, జరుగుతోందా?

జరగాల్సిన పనైతే టు. వాంట్, హోప్, ప్లాన్, డిసైడ్, ప్రామిస్, రెఫ్యూజ్ అన్నీ ఈ కుటుంబమే. వెళ్లాలని నిర్ణయించుకున్నప్పటికి ఇంకా వెళ్లలేదు కదా, అందుకే "డిసైడెడ్ టు గో". చేతిలో ఉన్న పని గురించో, అయిపోయిన పని గురించో చెబితే ఐఎన్‌జీ. ఎంజాయ్, ఫినిష్, కీప్, గివ్ అప్, డినై ఇటువైపు. చదువుతుంటేనే కదా ఆనందం, అందుకే "ఎంజాయ్ రీడింగ్".

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఒప్పుకోవడం దగ్గర. డబ్బు ఇస్తానని ఒప్పుకుంటే "అగ్రీడ్ టు పే". డబ్బు తీసినట్టు ఒప్పుకుంటే "అడ్మిటెడ్ టేకింగ్ ద మనీ". తెలుగులో మాట ఒకటే అయినా ఒకటి రేపటి పని, రెండోది నిన్నటిది.

రిమెంబర్ రెండు కుటుంబాల్లోనూ ఉంటుంది. ఊరెళ్తూ సగం దారిలో తాళం వేశామా లేదా అని అనుమానం వచ్చిందనుకో. వేసినట్టు కళ్లకు కడుతుంటే "ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్". ఇంటి నుంచి బయల్దేరేముందు మీ అమ్మ హెచ్చరించేది మాత్రం "రిమెంబర్ టు లాక్ ద డోర్", ఆ పని ఇంకా కాలేదు. ఫర్గెట్ కూడా అంతే, అయితే "ఫర్గాట్ టు లాక్" అంటే తాళం వేయనే లేదని. స్టాప్ దారి కాస్త వేరు: "స్టాప్డ్ టాకింగ్" అంటే మాట్లాడటం మానేశాడు, "స్టాప్డ్ టు టాక్" అంటే మాట్లాడటానికని ఆగాడు. ఆ ఒక్క టుతో అర్థమే తిరగబడుతుంది.

ఈ ప్రశ్నకు లొంగనివీ ఉన్నాయి. సజెస్ట్, కన్సిడర్, అవాయిడ్ జరగని పని గురించే చెప్పినా ఐఎన్‌జీనే కోరతాయి. "సజెస్టెడ్ టు గో" అని మనలో చాలామంది రాస్తారు, రాయాల్సింది "సజెస్టెడ్ గోయింగ్". మేనేజ్ దీనికి తలకిందులు, పని పూర్తయినా "మేనేజ్డ్ టు ఫినిష్" అనే అంటాం. ఈ నాలుగింటినీ మాత్రం విడిగా గుర్తుపెట్టుకో, తప్పదు.

ఇంకొకటి, నీ ఉత్తరం చివర "ఐయామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ" అని రాశావు. అక్కడి టు ఆ కుటుంబానిది కాదు, అది ఉత్త ప్రిపోజిషన్. దాని తర్వాత నామవాచకం పెట్టి చూడు: "ఫార్వర్డ్ టు ద హాలిడేస్". కుదిరింది కదా. అలా కుదిరితే ఐఎన్‌జీ రావాలి, అంటే "టు మీటింగ్ యూ". దిద్ది మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ మామయ్య