మావారి పాలసీ సొమ్ము 60 లక్షలు వచ్చింది, ఎక్కడ పెట్టమంటారు?

*ప్రశ్న: నమస్కారం సార్. మాది ఖమ్మం. నాకు 44 ఏళ్లు. నాలుగు నెలల క్రితం మావారు గుండెపోటుతో పోయారు. ఆయన ప్రైవేటు కంపెనీలో చేసేవారు. టర్మ్ పాలసీ డబ్బు 60 లక్షలు నా సేవింగ్స్ ఖాతాలో పడింది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 18 వేలు. ఇంటి ఖర్చు ఈఎంఐ కాక 30 వేలు. ఇంటి లోన్ ఇంకా 11 లక్షలుంది, ఈఎంఐ 15,500. పాప ఇంటర్ రెండో సంవత్సరం, బాబు ఎనిమిదో తరగతి. నాన్న అంతా ఎఫ్‌డీ చేయమంటున్నారు. మరిది 20 లక్షలకు ప్లాట్ చూశానంటున్నాడు. బ్యాంకు వాళ్లు ఏటా 2 లక్షలు పదేళ్లు కడితే పదిహేనో ఏడు చివర 32 లక్షలు గ్యారంటీ అంటున్నారు. అసలు పోకూడదు, కాస్త పెరగాలి కూడా. ఏం చేయమంటారు?*

అమ్మా, ముందు ఒక మాట. అందరూ తొందరపెడుతున్నారని మీరు తొందరపడాల్సిన పని లేదు. సేవింగ్స్ ఖాతాలో రెండున్నర శాతం వడ్డీ వస్తోంది అనుకుందాం. ఆరున్నర శాతం ఎఫ్‌డీతో పోలిస్తే నెలకు సుమారు 20 వేలు నష్టం. ఒకటి రెండు నెలలు ఆలోచించుకోవడానికి అది పెద్ద మూల్యం కాదు. కంగారులో ఒక తప్పు సంతకం పెడితే లక్షల్లో పోతుంది. కావాలంటే ఈలోగా చిన్న గడువు ఎఫ్‌డీల్లో పెట్టి ఉంచండి. క్లెయిమ్‌గా వచ్చిన ఈ 60 లక్షల మీద పన్ను లేదు. ఇకమీదట వచ్చే వడ్డీ మీ ఆదాయంలో కలుస్తుంది. ఇప్పుడున్న కొత్త పన్ను విధానంలో మీ జీతం, వడ్డీ రెండూ కలిపినా 12 లక్షల దరిదాపుల్లోకి రావు కాబట్టి పన్ను పడదు. బ్యాంకు టీడీఎస్ కోస్తే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఎక్కడ ఎక్కువ వడ్డీ వస్తుందో తర్వాత చూద్దాం. ఏ డబ్బు ఏ నెలలో, ఏ సంవత్సరంలో కావాలో ముందు తేలితే ఎక్కడ పెట్టాలో దానంతటదే తేలుతుంది.

మొదట ఇంటి లోన్. కట్టేసే ముందు లోన్ పాత స్టేట్‌మెంటు తీసి, తొలి నెలలో ఇన్సూరెన్స్ ప్రీమియం పేరుతో ఏమైనా డెబిట్ అయిందేమో చూడండి. చాలా బ్యాంకులు లోన్‌తో పాటే ఒక లోన్ ఇన్సూరెన్స్ అంటగడతాయి, ఇంట్లో వాళ్లకి ఆ సంగతే తెలియదు. అది మీవారి పేరున ఉంటే మిగిలిన బాకీలో చాలావరకు, ఒక్కోసారి మొత్తం, బీమా కంపెనీయే కడుతుంది. అది లేదని తేలితేనే 11 లక్షలు కట్టేయండి. లెక్క సులువు. ఆ 11 లక్షలు ఆరున్నర శాతం ఎఫ్‌డీలో పెడితే నెలకు ఆరు వేల లోపే వస్తుంది, లోన్ తీరిస్తే నెలకు 15,500 మిగులుతుంది. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ ముందుగా తీర్చినందుకు బ్యాంకు పెనాల్టీ వేయకూడదు. ఒరిజినల్ పత్రాలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఆలస్యానికి బ్యాంకుదే బాధ్యత అయితే రోజుకు 5 వేల చొప్పున మీకు కట్టాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. తనఖా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదై ఉంటే దాని రద్దు కూడా అక్కడే నమోదు చేయించి, ఒక నెల ఆగి ఈసీ తీసి చూసుకోండి. ఈ ఆఖరి పని చేయక, పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోయినప్పుడు ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను.

మిగిలింది 49 లక్షలు. అందులో 3 లక్షలు, అంటే పది నెలల ఇంటి ఖర్చు, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఎఫ్‌డీలో ఉంచండి. మీవారి కంపెనీ ఇచ్చిన హెల్త్ కవర్ ఆయనతోనే పోయి ఉంటుంది. మీ ముగ్గురికీ కలిపి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ ఈ నెలలోనే తీసుకోండి. అది లేకపోతే నేను చెప్పబోయే ప్లాన్ అంతా ఒక్క ఆపరేషన్‌తో తలకిందులవుతుంది.

ఇక నెలసరి లోటు. ఈఎంఐ పోయాక ఖర్చు 30 వేలు, జీతం 18 వేలు. తక్కువ పడేది 12 వేలు. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో ఒక్కరి పేరున 9 లక్షల వరకు పెట్టొచ్చు. ఇప్పుడున్న 7.4 శాతం రేటుకు నెలకు 5,550 వస్తుంది. ఖాతా తెరిచిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది. ఏడాది దాటాక అవసరమైతే కొంత కోత పెట్టి వెనక్కిస్తారు. ఇంకో 10 లక్షలు ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ బాండ్లలో పెట్టండి. వీటిని స్టేట్ బ్యాంకు లాంటి ప్రభుత్వ బ్యాంకుల్లోనూ, కొన్ని ప్రైవేటు బ్యాంకుల్లోనూ ఇస్తారు. వీటి రేటు పోస్టాఫీసు నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్, అంటే ఎన్‌ఎస్‌సీ, రేటు కంటే 0.35 శాతం ఎక్కువ, అంటే ఇప్పుడు 8.05 శాతం. ఆరు నెలలకోసారి, జనవరి ఒకటిన, జూలై ఒకటిన 40,250 చొప్పున పడుతుంది. దాన్ని ఖాతాలోనే ఉంచి నెలకు 6,700 చొప్పున వాడుకుంటే రెండూ కలిపి 12 వేలు దాటుతుంది, లోటు పూడిపోయినట్లే. బాండ్లతో ఉన్న ఇబ్బంది కూడా చెప్పాలి. ఏడేళ్లు కదలవు. ముందుగా తీసుకునే వెసులుబాటు 60 దాటినవాళ్లకే ఉంది, మీకు లేదు. అందుకే 10 లక్షలకు మించి పెట్టమనడం లేదు.

పిల్లల చదువు డబ్బుని పెరుగుదల పేరుతో ఎవరూ ముట్టుకోకూడదు. పాప బీటెక్‌కు హాస్టల్‌తో సహా ఏడాదికి 2 లక్షలు అనుకుని నాలుగు ఎఫ్‌డీలు వేయండి. ఒక్కొక్కటి ఒక్కో ఏడాది ఫీజు కట్టే నెలకు ముందు మెచ్యూర్ అయ్యేలా తేదీలు పెట్టించండి. బాబు బీటెక్‌కో డిగ్రీకో చేరడానికి ఇంకా ఐదేళ్లుంది, ఎన్‌ఎస్‌సీ గడువూ సరిగ్గా ఐదేళ్లే. 7 లక్షలు పెడితే 7.7 శాతం చొప్పున వాడు చేరే నాటికి 10 లక్షల పైచిలుకు చేతికొస్తుంది. దీన్నీ మధ్యలో తీయలేరు. ఎఫ్‌డీల విషయంలో మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. ఏ బ్యాంకుకు ఏమైనా అయితే డిపాజిట్ ఇన్సూరెన్స్ కింద గ్యారంటీగా వచ్చేది ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షలే. మూడు బ్యాంకుల్లో, ఒక్కోదాంట్లో నాలుగున్నర లక్షలు దాటకుండా పెట్టండి.

ఇంతదాకా మీ నాన్నగారి మాట ప్రకారమే నడిచాం. కానీ ఆయన చెప్పినట్టు అంతా ఎఫ్‌డీ చేస్తే ఒక చిక్కుంది, అది వెంటనే కనిపించదు. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే మీ 30 వేల ఖర్చు పన్నెండేళ్లలో 60 వేలు అవుతుంది. అప్పటికి మీకు 56. అసలు మాత్రం ఉన్న చోటే ఉంటుంది. మిగిలిన 12 లక్షలు ఆ రోజుల కోసం.

దాన్ని దేశంలోని 50 పెద్ద కంపెనీల షేర్లలో డబ్బు పెట్టే నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో పెట్టమంటాను. ఒకేసారి వద్దు. 12 లక్షలూ ముందు ఒక ఫండ్ కంపెనీ లిక్విడ్ ఫండ్‌లో వేసి, అక్కడి నుంచి అదే కంపెనీ ఇండెక్స్ ఫండ్‌లోకి నెలకు 50 వేల చొప్పున 24 నెలలు మారేలా ఎస్‌టీపీ పెట్టించండి. ఫారం మీద డైరెక్ట్ అని ఉండాలి, రెగ్యులర్ అని ఉంటే మీ డబ్బులోంచి ఏటా కమీషన్ పోతుంటుంది. ఇండెక్స్ ఫండ్ విలువ ఎప్పుడూ పడదని ఎవరైనా చెబితే నమ్మకండి. 2008లో నిఫ్టీ పది నెలల్లోపే సుమారు 60 శాతం పడింది, పాత స్థాయిని మళ్లీ తాకడానికి మూడేళ్లు పట్టింది. 2020లో జనవరి నుంచి మార్చి లోపే 38 శాతం పడి, నవంబరుకల్లా కోలుకుంది. మీ 12 లక్షలు సగమైనా పోయేది 6 లక్షలు, మొత్తంలో పదో వంతు. ఆ నెల కూడా పోస్టాఫీసు నుంచి 5,550 వస్తుంది, పాప ఫీజు ఎఫ్‌డీ తన తేదీకి చేతికొస్తుంది. అందుకే 20 లక్షలనో 25 లక్షలనో కాకుండా 12 అన్నాను. పడినప్పుడు భయపడి అమ్మేసే మనిషినని మీకే అనిపిస్తే 6 లక్షలు చాలు, మిగతాది ఎఫ్‌డీలో ఉంచండి. పన్నెండేళ్లలో సగటున పది శాతం పెరిగితే 12 లక్షలు సుమారు 37 లక్షలవుతాయి. పెరుగుతుందని గ్యారంటీ లేదు.

బ్యాంకువాళ్ల పాలసీ సంగతి. 20 లక్షలు కడితే 32 లక్షలు అని చూపిస్తారు, వినడానికి బాగానే ఉంటుంది. పదేళ్లూ ఏడాది మొదట్లోనే 2 లక్షలు కట్టి, పదిహేనేళ్లు నిండాక 32 లక్షలు తీసుకుంటే ఏడాదికి పడేది నాలుగున్నర శాతం. అదే డబ్బు అదే తేదీల్లో ఆరున్నర శాతం మీద వేసుకుంటూ పోతే 39 లక్షలు దాటుతుంది. అంటే ఆ గ్యారంటీ కోసం మీరు 7 లక్షలు వదులుకుంటున్నారు. మూడో ఏటో నాలుగో ఏటో కట్టలేకపోతే కట్టినదాంట్లోనూ కోత. ఒకావిడ నా దగ్గరికి ఇలాంటిదే తెచ్చి "ఇది ఎఫ్‌డీ అన్నారండీ" అంది. కాగితం పైన పెద్ద అక్షరాలతో బ్యాంకు పేరు, అడుగున చిన్న అక్షరాల్లో బీమా కంపెనీ పేరు. మీరు ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లోపు వద్దని రాసిస్తే కొద్దిపాటి ఖర్చులు పోను డబ్బు వెనక్కి వస్తుంది. ఆ ఉత్తరం బీమా కంపెనీకి రాయండి, బ్యాంకులో ఇచ్చి ఊరుకోకండి.

ప్లాట్ మంచిదో కాదో నాకు తెలియదు. కానీ దాని మీద నెలకు ఒక్క రూపాయి రాదు, పాప ఫీజుకి అందులోంచి రెండు గజాలు అమ్మలేరు. ఈ లెక్కలో 20 లక్షలు అటు తీస్తే పిల్లల చదువైనా ఆగాలి, నెలసరి అయినా తగ్గాలి. మరిదితో మాట పట్టింపు వస్తుందని బెంగ ఉంటే ముందు బాండ్లూ పోస్టాఫీసూ పూర్తి చేసుకోండి. "డబ్బంతా ఒక్కో పనికి కట్టేశానయ్యా, ఇప్పట్లో చేతికి రాదు" అంటే అబద్ధం కాదు.

మీ ఉత్తరంలో పీఎఫ్ మాట లేదు. మీవారికి పీఎఫ్ కట్ అవుతూ ఉంటే దాచిన మొత్తమే కాక, ఈడీఎల్ఐ కింద 7 లక్షల వరకు బీమా, మీకు వితంతు పింఛను, పిల్లలిద్దరికీ 25 ఏళ్లు వచ్చేదాకా పింఛను ఉంటాయి. పీఎఫ్‌కు ఫారం 20, పింఛనుకు 10డి, బీమాకు 5ఐఎఫ్. చాలా ఇళ్లలో మొదటిది వేసి మిగతా రెండూ మరిచిపోతారు. కంపెనీ హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి మూడూ ఒకేసారి వేయించండి, డెత్ సర్టిఫికెట్ కాపీలు పది తీసి పెట్టుకోండి. ఆ డబ్బు చేతికొచ్చాక అది ఎంతో నాకు మళ్లీ రాయండి, బాబు చదువు ఎన్‌ఎస్‌సీకి దాంట్లోంచి ఎంత కలపాలో అప్పుడు చూద్దాం.